దూరం పోయే పేరు

తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సు కోసం నిలబడి ఉండగా, నా ఐదేళ్ల కూతురి చెయ్యి ఎప్పుడు జారిపోయిందో తెలియలేదు. "చిట్టీ! చిట్టీ!" అని అరిచాను. కొండ బస్సుల దగ్గర జనం "గోవిందా" అంటుంటే నా కేక అందులో కలిసిపోయింది.

పక్కనే మూట మీద కూర్చున్న ఒక పెద్దామె లేచి నా భుజం పట్టుకుంది.

"అట్ల పిలిస్తే వినపడదు తల్లీ. 'ట్ట' కాడ గొంతు ఆగిపోతా ఉండాది, చివర నోరు సన్నమైపోతా ఉండాది. అది ఒళ్లో పెట్టుకొని పిలిచే పేరు. బిడ్డకి ఇంకో పేరు లేదా?"

"బళ్లో విమల."

"అదైతే యాడా తెగదు. 'మ' కాడ పెదాలు కలిసినా గొంతు మోగతానే ఉంటాది. ఆ గోవిందా మాదిరి, చివర నోరు బాగా తెరిచి సాగదియ్యి."

"విమలా..." అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఇంకోసారి పిలిచేసరికి సోడా బండి వెనకనుంచి బిడ్డ పరిగెత్తుకొచ్చింది. దాన్ని హత్తుకుని ఏడ్చి, తలెత్తి చూస్తే పెద్దామె లేదు. ఆమె బస్సు వెళ్లిపోయినట్టుంది.

ఇంట్లో అది ఇప్పటికీ చిట్టే. కానీ పెద్దదై ఊరికి వెళ్లేటప్పుడు అది ఎక్కిన బస్సు కదిలిందంటే మాత్రం, నా నోట వచ్చేది 'విమలా' అనే పిలుపే.