చీకటి తర్వాతి బొమ్మ

జహంగీర్ బొమ్మలాటకు కృష్ణలో మొసళ్లు కూడా ఏడ్చాయని కొల్లాపూర్‌లో చెప్పుకునేవారు. అతనికి గాజు పలకల మీది బొమ్మల్ని తెరమీద వేసే లాంతర్లు రెండు, ఎదుట ఒక తెల్లటి తెర ఉండేవి. కథలో పడవ బోల్తాపడే చోట ఒక లాంతరు మూత మూసిన క్షణమే రెండోది తెరిచేవాడు, జనం ఉలిక్కిపడేవారు. ఆ పడవ నడిపిన మొగుడి కోసం ఎదురుచూసే ఆలి ముసలిదయ్యే చోట ఒకటి మెల్లగా మూస్తూ రెండోది తెరిచేవాడు. పడుచు ముఖం ముడతల్లోకి కరిగిపోయేది. చివర పడవవాడు తిరిగొచ్చే బొమ్మ మాత్రం చటుక్కున పడాలని కథ చెప్పే భార్య షంషాద్ పట్టుబట్టేది.

"నడుమ చీకటి చేస్తే సచ్చిండనుకుంటరు జీ."

షంషాద్ పోయాక సోమశిలలో ఇదే మొదటి ఆట. ఆఖరి బొమ్మ దగ్గర అతను రెండో మూత తెరవలేకపోయాడు. రెండు మూతలూ మూసేశాడు. తెర నల్లబడింది.

"ఏంది సాయిబూ, సచ్చిండా?" ముందు కూర్చున్న భాగ్యమ్మ అడిగింది. "గామె గన్నేండ్లు ఎదురుచూసె గద!"

జహంగీర్ పక్కకు చూశాడు. షంషాద్ నిలబడే చోటు ఖాళీగా ఉంది. ఒక్కసారిగా మూత తీశాడు.

"వచ్చిండమ్మా," అన్నాడు.

జనం ఈలలు వేసి లేచి వెళ్లిపోయారు. పడవవాణ్ణి అతను చాలాసేపు తెరమీదే ఉంచాడు. దీపం ఆర్పితే డేరాకు ఒక్కడే పోవాలి.