సెలవు అడగనని రాసిచ్చాను

ఆ రోజుల్లో నేను వరంగల్‌లో ఒక సర్కారు దవాఖాన నర్సింగ్ స్కూల్లో ట్యూటర్‌ని. ఇంగ్లండులో ఒక యూనివర్సిటీ పార్ట్ టైం మాస్టర్స్ పెట్టింది. ఇక్కడ ఉద్యోగం చేసుకుంటూనే పాఠాలు రాసి పోస్టులో పంపాలి. రెండేళ్లూ జూలైలో మాత్రం అక్కడికి వెళ్లి ఆరు వారాలు చదవాలి. ఖర్చు మా చర్చి మిషన్ వాళ్లు పెట్టుకుంటామన్నారు. నాకు కావలసిందల్లా దరఖాస్తుకు జతచేయడానికి, అభ్యంతరం లేదని మా ఆఫీసు ఇచ్చే ఉత్తరం. ఒక్క కాగితం! దానికోసం రెండు నెలలు తిరిగాను.

ఫైలు చూసేది సీనియర్ అసిస్టెంటు. మంచివాడు, అదే నా ఖర్మ. చెడ్డవాడైతే మొదటి వారమే పోట్లాడేదాన్ని. "కూసో సిస్టరమ్మా, చాయ్ తాగు" అనేవాడు. చాయ్ వచ్చేది, ఉత్తరం రాదు. ఒకసారి సూపరింటెండెంటు సారు క్యాంపులో ఉన్నారు. ఇంకోసారి టైపిస్టు మేడారం జాతరకు పోయాడు.

ఆఖరు తేదీకి ఇంకో ఇరవై రోజులుందనగా నాకు ఒళ్లు మండింది. "నా అర్జీల ఏం తప్పుందో చెప్పుండ్రన్నా, ఇయ్యాల తేలాలె" అన్నాను.

ఆయన అర్జీ తీసి, ఆరు వారాల సెలవు గురించి రాసిన చోట పెన్సిల్ పెట్టాడు.

"గీ లైనే కొంప ముంచుతాంది. ఫారిన్ పోను లీవు గావాలె అంటే ఫైలు హైదరాబాద్ పోతది, సెక్రటేరియట్ల ఏడాది పండుకుంటది. ఇది తీసేసి, లీవు అడగనని రాసియ్యి. ఇక్కడ్నే సారు సంతకం పెడ్తడు."

"మరి పొయ్యేటప్పుడెట్ల?"

"అప్పటి సంగతి అప్పుడు జూద్దాం. జర సీటు రానియ్యి. ఫికర్ చెయ్యకు."

భయమేసింది. ఆఖరు తేదీ అంతకన్నా ఎక్కువ భయపెట్టింది. రాసిచ్చాను. నాలుగో రోజుకల్లా ఉత్తరం చేతికొచ్చింది. చూస్తే, ఎలాంటి సెలవూ కోరనన్న షరతు మీద అభ్యంతరం లేదని టైపు చేసి ఉంది. ఆ ముక్క తీసెయ్యమని బతిమాలాను.

"నువ్వు రాసిచ్చిందే గద పెట్టినం. అయినా దొరలు గంత పట్టిపట్టి సదువుతరా?" అన్నాడు. వేరే దారి లేక ఆ రోజే రిజిస్టర్ పోస్టులో పంపాను.

దొరలు పట్టిపట్టి చదివారు. ఆరు వారాల హాజరు తప్పనిసరి, మీ యజమాని లేఖ ప్రకారం మీకు సెలవు లేదు, కాబట్టి మీ దరఖాస్తును పరిశీలించలేం అని జవాబు రాశారు.

దాన్ని తీసుకెళ్లి ఆయన బల్ల మీద పడేశాను. రెండుసార్లు చదివాడు. "గట్లెట్ల రాసిండ్రు? మనం అబ్జెక్షన్ లేదన్నం గద!" అని నిజంగానే ఆశ్చర్యపోయాడు. తర్వాత ఉత్తరానికి రంధ్రం చేసి ఫైల్లో కట్టబోయాడు.

"అది నాదన్నా!"

"ఒరిజినల్ ఫైల్ల ఉండాలె సిస్టరమ్మా. గావాల్నంటే కాపీకి అర్జీ పెట్టుకో."

లాక్కుని బయటికొచ్చాను. మెట్ల మీద కూర్చుని, వచ్చేపోయే వాళ్లు చూస్తున్నా సరే, ఏడ్చాను. తిడదామంటే ఎవర్ని తిట్టను? సెలవు అడగనని నా చేత్తో నేనే రాసిచ్చాను.