కవరూ ఛార్జరూ నా గొంతూ

నేను ఎన్నడూ చూడని మనుషులకు నా గొంతు తెలుసని నాకు మొదట చెప్పింది ఒక ఆటో డ్రైవరు. స్టేషన్ బయట ఆటో ఆపి మారేడ్‌పల్లి పోవాలన్నాను, అంతే. అతను బండి కదిలించకుండా అద్దంలోంచి నన్నే చూశాడు.

"మీరు నిన్న నాకు ఫోన్ జేసిన్రు గదా మేడం."

చేయలేదన్నాను.

"చేసిన్రు. కవర్ వేయించినవా అని అడిగిన్రు. ఇంకా లేదని చెప్పిన. ఫికర్ జెయ్యకు అన్నరు."

బండి కదిలించాడు. నేను దిగి, డబ్బులిచ్చి, గేటు తీసుకుని లోపలికి వెళ్లేదాకా అక్కడే ఆగి చూస్తూ ఉన్నాడు.

నేను ప్రకటనలు రాస్తాను. గోడల మీద కనిపించే గొప్ప ప్రకటనలు కావు. షాపుల మైకుల్లో వాగేవి, ఫోన్లో వాటంతటవే మోగి మాట్లాడేవి. ఆ డ్రైవరు విన్న కాల్ స్క్రిప్టు స్టేషన్ దగ్గర ఒక సెల్‌ఫోన్ షాపు యజమాని రాయించుకున్నాడు. ఆయన గోల ఏమిటంటే, ఫోన్ కొన్నవాళ్లు కొత్త పెట్టె చేతికి రాగానే తొందరపడి వెళ్లిపోతారు, కవరూ ఛార్జరూ తర్వాత ఇంకెక్కడో కొనుక్కుంటారు. ఇప్పుడు చాలా ఫోన్ల పెట్టెల్లో ఛార్జర్ రాదు, వైరు ఒక్కటే ఉంటుంది. ఇంట్లో ఉన్న పాత ఛార్జర్ పెడితే నత్తనడకన ఎక్కుతుంది. ఆ విసుగు మొదలయ్యే వేళకు, అంటే కొన్న రెండు మూడు రోజులకు, బిల్లు మీది నంబరుకు కాల్ వెళ్లాలి. ఆ రెండూ అప్పటికే కొన్నవాళ్లకు వెళ్లకూడదు.

"అమ్ముతున్నట్టు ఉండొద్దు. ఇంటి మనిషి మాట్లాడినట్టు ఉండాలె," అన్నాడాయన.

అలాగే రాశాను. మీరు, గారు, అండి అన్నీ తీసేశాను. షాపు పేరు మాత్రం మొదటే చెప్పాలని పోట్లాడాను. పేరు వింటే జనం కట్ చేస్తారని ఆయన దాన్ని చివరికి తోశాడు. స్టూడియోలో దాన్ని చదవబోయే అమ్మాయికి ఎక్కడ ఆగాలో తెలియడానికి నేనే ఇంట్లో కూర్చుని ఒకసారి చదివి రికార్డు చేసి పంపాను. మా పనిలో అది మామూలే. ఒక్కో మాట తర్వాత అవతలివాళ్లు జవాబు చెప్పేంత ఖాళీ వదిలాను. జవాబు చెప్పే మనిషి ఫోన్ పెట్టేయడు, అదే కిటుకు.

"ఏం జేస్తున్నవ్? కొత్త ఫోన్ మంచిగున్నదా?"

ఖాళీ.

"పైలంగ వాడుతున్నవా? జెర కింద పడితే పరేషాన్ అయితవ్. కవర్ వేయించినవా?"

ఖాళీ.

"పెట్టెల ఛార్జర్ సుత రాలేదు గదా. పాతదానితోని ఎన్ని రోజులు తక్లీఫ్ పడతవ్?"

ఖాళీ.

"ఫికర్ జెయ్యకు. నేనున్న గదా. అంత నేను చూసుకుంట."

ఇంకో ఖాళీ. ఆ తర్వాత బిల్లు పట్టుకుని వస్తే నీ ఫోన్‌కు సరిపడే కవరూ, తొందరగా ఎక్కే ఛార్జరూ ఇస్తామని, షాపు పేరూ.

ఆటో దిగిన వెంటనే యజమానికి ఫోన్ చేశాను. ఆయన సంతోషం పట్టలేకపోతున్నాడు. ఆ అమ్మాయి మరీ శుభ్రంగా చదివిందట, నాది పెడితే జనం వస్తున్నారట. "మీ గొంతుల ఏదో ఉన్నది మేడం, ముసలోళ్లు సుత జవాబు చెప్తున్నరు." ఆపమన్నాను. రేపు మార్పిస్తానన్నాడు. ఆ రేపు రావడానికి వారం పట్టింది.

ఆ వారం నేను నోరు విప్పాలంటే భయపడ్డాను. మోండా మార్కెట్లో కొత్తిమీర బేరం చేస్తుంటే పక్కనున్న ఆవిడ గిరుక్కున తిరిగింది. నా ముఖం చూసి, నేను కాదనుకున్నట్టు మళ్లీ అటు తిరిగింది. బ్యాంకులో నా వెనక నిలబడ్డ పెద్దాయన, నేను పెన్ను అడగగానే, "వేయించిన బిడ్డా, వేయించిన," అన్నాడు. ఏ ఇంట్లో ఎవరితో ఏం మాట్లాడుతోందో ఆ గొంతు! నేను అన్నం తింటున్నప్పుడూ అది ఎక్కడో ఎవరినో పలకరిస్తూనే ఉంది. వాళ్లు చెప్పేది వినడానికి మాత్రం అటువైపు ఎవరూ లేరు. ఆ కాల్స్ చెప్తాయి, వినవు.

ఆదివారం పొద్దున తలుపు చప్పుడైతే తీశాను. మా అక్క.

అక్క తిరుమలగిరిలో ఉంటుంది. బావ పోయాక కూతురూ తనే. దాదాపు ఏడాదిగా మా ఇద్దరికీ మాటల్లేవు. పిల్ల ఇంటర్ తప్పినప్పుడు చుట్టాలందరి ముందూ, "నీ చేతుల పెరిగితే ఇంకేమైతది," అన్నాను. నా నోరు అలాంటిది. అక్క లేచి వెళ్లిపోయింది. ముందు ఎవరు ఫోన్ చేయాలన్న దగ్గర ఇద్దరం బిగుసుకుపోయాం.

అక్క లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుని, సంచిలోంచి కొత్త ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. నీలం రంగు కవర్ వేసి ఉంది. పక్కన ఛార్జర్, ఇంకా అట్టపెట్టెలోనే.

"నువ్వు చెప్పినట్టే మా గల్లీ చివర తీసుకున్న," అంది.

నేను బల్ల మీది ఛార్జర్ వైపు చూశాను.

"పాత ఫోన్ల ఉన్న పేర్లు ఈ కొత్తదాంట్ల రాలేదు. ఏదో నంబర్ అనుకున్న. గొంతు వినంగనే ఏడుపొచ్చింది. నేను ఫోన్ కొన్న సంగతి పిల్ల చెప్పింది గావచ్చు నీకు."

నేను ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"మొత్తం వినకుంటనే పెట్టేసిన, ఏమనుకోకు. దుఃఖం ఆగలే. ఇంక అడిగేది సుత ఏం లేకుండె. నువ్వు సరే అన్నవు గదా."

"ఏమడిగినవ్ అక్కా?" నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది.

అక్క నన్ను వింతగా చూసింది. "గదే. గడ్డ సంగతి. మంగళవారం ఆపరేషన్. నువ్వు తక్లీఫ్ అనంగనే, ఈమెకు అంత తెలిసిపోయిందనుకున్న. నాకేమన్న అయితే పిల్లను చూసుకుంటవా అని అడిగిన. ఫికర్ జెయ్యకు, నేనున్న గదా, అంత నేను చూసుకుంట అన్నవు."

అక్క గడ్డ గురించి నేను వినడం అదే మొదటిసారి. నేను ఛార్జర్ కోసం వదిలిన ఖాళీలోకి అక్క తన కూతుర్ని తెచ్చి పెట్టింది. నాకంటే ముందు, నాకు తెలియకుండా, నా గొంతు మాట ఇచ్చేసింది.

అది ప్రకటన అక్కా, నేను కాదు అనాలి. నోటిదాకా వచ్చింది. అంటే ఆ ఏడాది మౌనం మళ్లీ అక్కడినుంచే మొదలవుతుంది. పైగా అక్క ముఖం ఎంత తేటగా ఉందో! ఆ ముఖాన్ని అలా చేసింది నేను కాదు, ఆ రికార్డు. దాని మీద నాకు చచ్చేంత ఈర్ష్య కలిగింది.

"అవును, నేనే అన్న," అన్నాను.

మంగళవారం ఆసుపత్రికి నేనూ పిల్లా వెళ్లాం. అక్కను స్ట్రెచర్ మీద లోపలికి తీసుకుపోయే ముందు నా చెయ్యి పట్టుకుంది. ధైర్యం చెబుదామని ఏదేదో అన్నాను. ఏం కాదన్నాను, డాక్టర్లు మంచివాళ్లన్నాను. అక్క తల అడ్డంగా ఊపింది.

"గట్ల గాదే. ఎదురుంగ ఉంటే నీకు మాట్లాడొస్తలేదు. ఆ రోజు ఫోన్ల చెప్పినవు చూడు, గట్ల చెప్పు ఒక్కసారి."

పక్కన పిల్ల మా ఇద్దర్నీ చూస్తోంది. నేను గొంతు సవరించుకున్నాను. అక్కడ ఎంతసేపు ఆగాలో నాకు బాగా తెలుసు.

"ఫికర్ జెయ్యకు," అన్నాను. ఆగాను. "నేనున్న గదా. అంత నేను చూసుకుంట."

"ఆఁ. నువ్వే," అని అక్క కళ్లు మూసుకుంది.