మొగులయ్య చదివించిన మెయిలు

మహేశ్వరం రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా రేకుల కింద బల్ల వేసుకుని ఇరవై ఎనిమిదేళ్లుగా దస్తావేజులు రాస్తున్న మొగులయ్యకు ఇంగ్లిషు రాదు. ఆ సంగతి ఎదుటివాళ్లు కనిపెట్టేదాకా ఆగడు, తనే ముందు చెప్పేస్తాడు. కానీ కాగితం చదవడం వచ్చా అని అడిగితే మాత్రం చెయ్యి మీసం మీదికి పోతుంది. శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన దగ్గర్నుంచి చుట్టుపక్కల చేలన్నీ ప్లాట్లయిపోయాయి. ఆ ప్లాట్లలో సగం తన చేతిరాత మీదుగానే చేతులు మారాయని ఆయన గొప్ప. సగం అన్నది కాస్త ఎక్కువే, పావు అనుకుందాం. పావైనా తక్కువేం కాదు.

ఆయన కాగితం చదివే తీరే వేరు. పైనుంచి మొదలుపెట్టడు. పైనంతా పూర్తి స్పృహతో, మనస్ఫూర్తిగా, సంతోషంగా అంటూ అమ్మేవాడూ కొనేవాడూ ఒకరినొకరు మెచ్చుకునే భాగం. దానికి ఆయన పెట్టిన పేరు 'దండాల భాగం'. తిన్నగా హద్దుల దగ్గరికి, గడువు దగ్గరికి పోతాడు. పెన్సిలుతో పక్కన చిన్న గీత పెడతాడు. ఎవరు చెయ్యాలి, ఎప్పటిలోగా చెయ్యాలి, చెయ్యకపోతే ఏమవుతుంది? ఈ మూడింటికీ జవాబు దొరికిన వాక్యానికే ఆ గీత. మిగతాదంతా చదువుతాడు, నవ్వుకుంటాడు, వదిలేస్తాడు.

ఆయనకు ఒక్కతే కూతురు, కళ్యాణి. నాలుగేళ్లుగా విమానాశ్రయం సరుకుల విభాగంలో ఒక చిన్న కంపెనీకి పనిచేస్తోంది. విదేశాలకు పోయే మందుల పెట్టెలకు కాగితాలు తయారుచేయడం ఆమె పని. ఆ ఇంట్లో మెడలో విమానాశ్రయం పాసు వేసుకున్న మొదటి మనిషి. ఆ పాసును మొగులయ్య బల్ల దగ్గరికొచ్చిన వాళ్లెవరూ చూసి ఉండరు గానీ, దాని గురించి వినని వాళ్లు లేరు.

రెండు వేల పదమూడు సెప్టెంబరులో కళ్యాణికి అక్కడే ఇంకో పెద్ద కంపెనీలో షిఫ్టు ఇన్‌చార్జిగా పిలుపొచ్చింది. నవంబరు పద్దెనిమిదిన చేరాలి, ఆ రోజు దాటితే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుందని స్పష్టంగా రాశారు. పదహారో తారీకు సోమవారం నాడు రాజీనామా ఇచ్చింది. శుక్రవారం సాయంత్రం హెచ్‌ఆర్ నుంచి జవాబు మెయిలొచ్చింది. శనివారమంతా పిల్ల అన్నం కెలికింది తప్ప తినలేదు.

ఆదివారం మధ్యాహ్నం భార్య అమృతమ్మ వంటింట్లోంచే మొదలుపెట్టింది. "ఏందయ్యా, జర పిల్లను అడుగు. రెండు దినాల నుంచి ముద్ద దిగుతలేదు దానికి."

"ఏమైంది బిడ్డా?"

"ఏం లేదు బాపు. కొత్త నౌకరి పోయినట్లే. డిసెంబరు ముప్పై ఒకటి దాకా వీళ్లు వదిలిపెట్టరంట. మెయిలు పెట్టిండ్రు."

మొగులయ్య నోట మొదట వచ్చింది ఓదార్పు మాట కాదు. "కాగితమేది?"

"ఫోన్ల ఉంది."

"ఫోన్లది నాకెందుకు? కాగితం తెచ్చుకో పో. నువ్వు నౌకర్ల చేరినప్పుడు ఇచ్చిన కాగితం సుత తీసుకరా."

అరగంటలో నెట్ సెంటర్ నుంచి రెండు పేజీల ప్రింటు వచ్చింది, బీరువాలోంచి నియామకపు ఉత్తరం వచ్చింది. మొగులయ్య మంచం మీద చాప పరచి, కళ్లజోడు పెట్టుకుని, పెన్సిలు చెక్కాడు. చదవడం రాని కాగితం ముందు ఆయన అంత దర్జాగా కూర్చోవడం చూసి అమృతమ్మకు నవ్వొచ్చింది, కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఒక్కో మాట తెలుగుల చెప్పు. అర్థం నువ్వు చెప్పకు, ఉన్నది ఉన్నట్లు చెప్పు."

కళ్యాణి చదివింది. సంస్థకు మీరు నాలుగేళ్లుగా అందించిన అమూల్యమైన సేవలకు హృదయపూర్వక కృతజ్ఞతలు.

"ఎవరు ఏం చెయ్యాలె?"

"ఎవరేం చేసేదేం లేదు బాపు. మెచ్చుకున్నరు."

"సంతోషం. ముందుకు పో."

మీ నిర్ణయం మమ్మల్ని బాధించింది, పునరాలోచిస్తారని ఆశిస్తున్నాం. దీనికీ గీత పడలేదు. ఆశ వాళ్లది, దానికి మనం పూచీ కాదన్నాడు మొగులయ్య. మూడో వాక్యానికి ఆయన మెడ ముందుకు వచ్చింది. మీ నియామకపు ఉత్తరంలోని తొమ్మిదో షరతు ప్రకారం నోటీసు గడువు రాజీనామా ఇచ్చిన రోజు నుంచి అరవై రోజులు. ఆ లెక్కన మీ ఆఖరి పనిరోజు నవంబరు పద్నాలుగు.

"ఆగు. పాత కాగితంల తొమ్మిదోది చదువు."

పాత ఉత్తరంలో తొమ్మిదో షరతు: ఇరుపక్షాలలో ఎవరైనా అరవై రోజుల ముందు రాతపూర్వకంగా తెలిపి ఉద్యోగాన్ని ముగించవచ్చు. కింద కళ్యాణి సంతకం, కంపెనీ ముద్ర. మొగులయ్య వేళ్ల మీద రోజులు లెక్కపెట్టాడు. సెప్టెంబరులో పదిహేను, అక్టోబరు ముప్పై ఒకటి, నవంబరులో పద్నాలుగు. సరిగ్గా అరవై. పెన్సిలు కాగితంలో గుంట పడేలా గీత పెట్టాడు.

"ఆఖరి దినం వాళ్లే రాసిండ్రు గద బిడ్డా! పరేషాన్ ఎందుకు?"

"ముందుకు ఉంది బాపు. విను." శీతాకాలపు రద్దీని దృష్టిలో పెట్టుకుని, డిసెంబరు ముప్పై ఒకటి వరకు మీ విలువైన సహకారాన్ని దయచేసి కొనసాగించవలసిందిగా కోరుతున్నాం.

"కోరుతున్నం అనే ఉందా, ఉండాలె అని ఉందా?"

"కోరుతున్నం. దయచేసి అని సుత ఉంది. అందుకే బాపు భయం!" కళ్యాణి కళ్లు తుడుచుకుంది. "మా కాడ దయచేసి అంటే ఆర్డరే. డ్యూటీ చార్టుల దయచేసి ఐదింటికి రావాలె అని ఉంటది. రాకపోతే ఆబ్సెంటు."

మొగులయ్య ఈ మాటను నవ్వి వదిలెయ్యలేదు. పిల్ల భయానికి మూలం ఆయనకిప్పుడు తెలిసింది. నాలుగేళ్లుగా ప్రతి హుకుమూ దయచేసి అనే తొడుగు తొడుక్కుని వస్తుంటే, ఆ తొడుగు ఎక్కడ కనిపించినా లోపల హుకుమే ఉందనుకోవడం తప్పా?

"డ్యూటీ చార్టు ఎనక నీ సంతకం చేసిన నౌకరి ఉంది. రాకపోతే ఆబ్సెంటు అని రాసుంటది. దీని ఎనక ఏముంది? ఉండకపోతే ఏమైతదో రాసిండ్రా?"

కళ్యాణి పై నుంచి కింద దాకా వెతికింది. "లేదు."

"మరి ఇది దండం పెట్టి అడిగినట్లే. ఇచ్చేది, ఇయ్యనిది నీ చేతుల ఉంది."

తర్వాతి వాక్యం పిల్లకు కాస్త ఆశ పెట్టినది. మీరు ముందుగా వెళ్లదలిస్తే ఆ విన్నపాన్ని యాజమాన్యం సానుభూతితో పరిశీలిస్తుంది. ఒక వారం ముందే వదిలితే కాస్త ఊపిరి తీసుకోవచ్చని ఆమె లోలోపల అనుకుంది. తండ్రి దానికీ గీత పెట్టలేదు. సానుభూతి ఎప్పటిలోగా చూపిస్తారో రాయలేదు కాబట్టి అది కూడా దండాల భాగమే, దాని మీద ఏ పనీ పెట్టుకోవద్దన్నాడు. మనకు నచ్చిన తియ్యటి మాట కూడా కట్టుబాటు కాదని తెలుసుకోవడమే ఈ చదువులో కష్టమైన భాగం.

చివరి రెండు వాక్యాలకు మాత్రం గట్టి గీతలు పడ్డాయి. ఆఖరి పనిరోజున విమానాశ్రయం పాసు, కంపెనీ వస్తువులు అప్పగించి అన్ని విభాగాల సంతకాలు తీసుకున్నాకే రిలీవింగ్ లెటర్ ఇస్తారు. పై విషయాలను ధ్రువీకరిస్తూ సోమవారం సాయంత్రంలోగా జవాబు పంపాలి.

"జవాబు పంపినవా?" మొగులయ్య గొంతు మారింది.

"రాసిపెట్టిన. ఇంకా పంపలే." ఫోను చూపించింది. రెండే మాటలున్నాయి. నోటెడ్ సార్. వాళ్ల ఆఫీసులో ఏ మెయిలొచ్చినా అందరూ కొట్టే జవాబు అదే. చదివామని చెప్పడానికి కొడతారు, చదవకపోయినా కొడతారు.

మొగులయ్య పెన్సిలు కింద పెట్టాడు. "అగో, గదే అసలు గండం. వాళ్లు అడిగింది ఉత్త కోరిక. దాని కింద నువ్వు గిట్ల నోటెడ్ సార్ అని రాస్తే సరే అన్నట్లే, రేపు వాళ్లు నీ మాటనే నీ ముందట పెడతరు. కోరికకు బలం లేదు బిడ్డా. నీ ఒప్పుకోలుకు ఉంది."

కళ్యాణి బొటనవేలు గబుక్కున ఆ రెండు మాటలనూ చెరిపేసింది. ఎంత సన్నని అంచు మీద రెండు రోజులు నిలబడిందో ఆమెకు అప్పుడు తెలిసింది.

తండ్రి తెలుగులో చెప్పాడు, కూతురు ఇంగ్లిషులో రాసింది. నా ఆఖరి పనిరోజు నవంబరు పద్నాలుగు అని మీరు తెలిపిన దానిని ధ్రువీకరిస్తున్నాను. ఆ రోజు పాసు, వస్తువులు అప్పగించి రిలీవింగ్ లెటర్ తీసుకుంటాను. డిసెంబరు వరకు ఉండమన్న మీ కోరికను మన్నించలేకపోతున్నాను. ఆలోగా నా పనినంతా తర్వాతి వారికి నేర్పిస్తాను.

"అయిపోయింది గదా బాపు?"

"ఎట్ల అయిపోతది? పైన దండాలు రాయవా? నాలుగేండ్లు పని నేర్పిండ్రు, మనసు నిండ రాయి. కట్టిపడెయ్యనంత మాత్రాన మర్యాద ఉత్తదైతదా?"

ఆ ముక్క కూడా చేరాక మెయిలు వెళ్లింది. అమృతమ్మ వేడన్నం పెట్టింది. పిల్ల రెండుసార్లు వడ్డించుకుంది.

సోమవారం పొద్దున, ఆమె ఇంకా బయల్దేరకముందే మేనేజరు హరిప్రసాద్ ఫోను. మొగులయ్య సైగ చేస్తే కళ్యాణి స్పీకరు పెట్టింది.

"ఏంటమ్మా కళ్యాణీ, డిసెంబరు దాకా ఉండాలని మెయిల్లో ఉంది కదా? సరిగ్గా చదవలేదా?"

మొగులయ్య నోరు తెరిచాడు. కానీ కూతురు చెయ్యెత్తి ఆయన్ను ఆపింది.

"చదివిన సార్. అందులో ఆఖరి పనిరోజు నవంబరు పద్నాలుగు, తొమ్మిదో షరతు ప్రకారం. డిసెంబరు మాట మీ కోరిక. అడిగినందుకు థాంక్స్ సార్, కానీ నేను ఉండలేను. మీకు అనుమానముంటే హెచ్‌ఆర్ మాధవీలత మేడమ్‌ను అడగండి."

అడుగుతానని ఆయన ఫోను పెట్టేశాడు. పదకొండు గంటలకు మాధవీలత నుంచి ఒకే వాక్యం వచ్చింది: ఆఖరి పనిరోజు నవంబరు పద్నాలుగుగా నమోదు చేశామండీ. కళ్యాణి వెంటనే తండ్రికి ఫోను చేసి చదివి వినిపించింది. అప్పటికి మొగులయ్య బల్ల దగ్గర నలుగురు అమ్మకందారులు ఎదురుచూస్తున్నారు. తన కూతురు పెద్ద సారుకు తొమ్మిదో షరతు చూపించిన సంగతి పూర్తిగా విన్నాకే వాళ్ల దస్తావేజులు కదిలాయి.

ఆ అరవై రోజుల్లో కళ్యాణి తన పనంతా కొత్తమ్మాయికి నేర్పింది, ఒక్క సెలవు పెట్టలేదు. నవంబరు పద్నాలుగు గురువారం సాయంత్రం పాసు లేని మెడతో, చేతిలో కవరుతో ఇల్లు చేరింది. మొగులయ్య కళ్లజోడు పెట్టుకున్నాడు, పెన్సిలు మాత్రం తీయలేదు. ఉన్నది ఉన్నట్లు చెప్పమన్నాడు. పేరు, హోదా, చేరిన తేదీ, వదిలిన తేదీ, బాకీలేమీ లేవన్న మాట. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇక దీనితో సోమవారం కొత్త కుర్చీలో కూర్చోవచ్చు.

"ఇగ అయిపోయింది బాపు. ఆఖర్న ఒక్క లైను ఉంది గానీ, అది దండాల భాగమే." కళ్యాణి కాగితం మడవబోయింది.

"చదువు."

"తన పనిలో ఈమె చూపిన శ్రద్ధ మాకు గర్వకారణం."

మొగులయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ వాక్యం ఎవరినీ దేనికీ కట్టిపడేయదని ఆయనకు అందరికంటే బాగా తెలుసు.

"ఇంకోపారి చదువు బిడ్డా. జర గట్టిగ. మీ అమ్మ సుత విననీ."