కళ్లం మధ్యలో లుంగీ

అద్దంకిలో మాది ఫొటో స్టూడియో. తియ్యడం మా ఆయన పని, తీసినవాటిని కంప్యూటర్లో బాగుచెయ్యడం నా పని. ఎవరి పొట్ట ముందుకొచ్చినా, ఎవరు కళ్లు మూసుకున్నా చివరికి నా నెత్తిమీదకే వస్తుంది.

నేను బాబాయ్ అని పిలిచే ఒక మిర్చి రైతు కొత్తిల్లు కట్టుకున్నారు. నిరుడు ఆయన కళ్లంలో మిరపకాయలు ఆరబోసినప్పుడు మా ఆయన డ్రోన్‌ని కిందగా తిప్పి, ముక్కలు ముక్కలుగా తీసి, అన్నీ కలిపి ఒకే ఫొటో చేశాడు. అది హాల్లో గోడ నిండా ఉండాలని బాబాయ్ కోరిక. ఫైలు ఎంత పెద్దదంటే, తెరవగానే నా కంప్యూటర్ మూలిగేది.

"మధ్యలో లుంగీవాడున్నాడే, వాణ్ని తీసెయ్యమ్మాయ్" అన్నారు.

వాడంటే ఆయన సొంత తమ్ముడు. ఈ మధ్యే బోరు వంతు దగ్గర మాటామాటా పెరిగి, ఇద్దరికీ మాటల్లేవు. ఫొటోలో ఆ పెద్దమనిషి లుంగీ మోకాళ్ల పైకి ఎగ్గట్టి, ఓరగా వంగి, వెనక భాగం కెమెరాకు అప్పగించి ఉన్నాడు.

ఇదెంత పని అనుకున్నాను. ఫొటో మొత్తాన్ని ఏఐకి ఇచ్చి, మనిషిని తీసెయ్యమన్నాను. క్షణాల్లో తీసేసింది. తీరా గోడ కొలతకి పెంచి ఒక ముక్క ప్రింటు వేస్తే, కాయలేవీ కాయల్లా లేవు. అంత పెద్ద ఫొటోని అది చిన్నది చేసుకుని, ఆ చిన్నదాన్నే తిరిగిచ్చింది మరి.

"ఇదేంటమ్మాయ్, కాయలు పోస్తే కారం ముద్ద చేశావ్?" అన్నారు బాబాయ్. నాకు ఒళ్లు మండింది, ఆయన అన్నది నిజం కాబట్టి ఇంకా మండింది.

ఈసారి ఆయన్ని పక్కనే కూర్చోబెట్టుకున్నాను. అసలు ఫొటో జోలికి పోకుండా, తమ్ముడూ అతని నీడా చుట్టూ కాసిని కాయలూ వచ్చేలా ఒక చదరం ముక్క మాత్రం కత్తిరించాను. చుట్టూ కాయలు కనపడకపోతే ఏఐకి సైజు తెలియదు, వంకాయలంత మిరపకాయలు పోస్తుంది. మనిషి మీదా నీడ మీదా మాస్కు గీసి, అక్కడ మాత్రమే కాయలు నింపమన్నాను.

నింపింది. బాబాయ్ అద్దాలు సర్దుకుని తెర మీదకి వంగారు.

"తేజలో బాడిగ కలిపావేంటమ్మా? ఈ ముడతలు చూడు! మా ఇంటికొచ్చినవాళ్లు కల్తీ సరుకని నవ్వరూ?"

తేజ కాయ సన్నగా నున్నగా ఉంటుంది, బాడిగ ముడతలు పడి ఉంటుంది. ఏఐకి ఆ తేడా ఎవరు చెప్పారు? సన్నగా, నున్నగా, ఒకటీ అరా తెల్లబడ్డ తాలు కాయలతో అని రాసి, మళ్లీ పుట్టించాను. ఈసారి కుదిరింది. ఆ ముక్కని అదే కొలతలో, ఉన్నచోటే పెద్ద ఫొటో మీద పరిచి, అంచులు మెత్తగా కలిపాను. కొత్త కాయలు మరీ నునుపుగా ఉంటే కాస్త గరుకు చేర్చాను. అతుకు ఎక్కడో నాకే కనపడలేదు. గర్వంగా ఉంది, చెప్పొద్దూ.

ముందూ తర్వాతా తేడా తెలియాలని, పైన పరిచిన ఆ ముక్క పొరని ఆపి, మళ్లీ పెట్టి చూపించాను. తమ్ముడు వచ్చాడు, పోయాడు. వచ్చాడు, పోయాడు.

"ఆగమ్మాయ్. వాణ్ని ఉంచి, దగ్గరికి జరుపు."

తమ్ముడు తెర నిండా వచ్చాడు. మొత్తం ఫొటోలో వేలెడంత మనిషి, ఇప్పుడు గోళ్లతో సహా కనపడుతున్నాడు. ఎడమ చేతినిండా సరుకు ధర తగ్గించే తాలు కాయలు.

"ఆ రోజు నేను గుంటూరు యార్డులో ఉన్నా. వాడి కళ్లం అవతలది. నా కాయల్లో తాలు ఏరుతున్నాడు, చూడు" అన్నారు బాబాయ్. "ఏరినట్టు నాకొక్క మాట చెప్పలేదు, వెధవ."

ఆ వెధవ అనడంలో బోలెడు ప్రేముంది. పొర మీట మీదున్న వేలు కదపలేదు.

"ఉండనీ వాణ్ని" అన్నారు. "ఆ లుంగీ మాత్రం కిందికి దించు. నలుగురూ తిరిగే హాలు."

మళ్లీ కత్తిరింపు. ఈసారి చిన్న ముక్క, నడుము నుంచి పాదాల దాకా. లుంగీ మడమల దాకా దింపి, చేతిని తాకకుండా అతికించాను. ఏఐ తన సొంత ఉత్సాహంతో ఒక జరీ అంచు కూడా వేసింది. బాగుందని ఉంచేశాను.

గృహప్రవేశానికి తమ్ముడు వచ్చాడు. పిలిచింది అన్నేనని విన్నాను. భోజనాలయ్యాక గోడ ముందు నిలబడి, మెడ అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు.

"అన్నాయ్, చేతిలో తాలు చూస్తే నేనే. కానీ లుంగీ నేనెప్పుడు కట్టాను, ఇంత పద్ధతిగా?"

"కట్టవనేరా, కట్టించాను" అన్నారు బాబాయ్.