గోపురం తెగకూడదు

పసుపు మూత చెత్తడబ్బా ఏ వారం బయట పెట్టాలో, ఆకుపచ్చ మూతది ఏ వారం పెట్టాలో నాకు ఈ రోజుకీ సరిగ్గా తెలియదు. ఎర్ర మూతది ప్రతివారం, అంతవరకే ధీమా. కౌన్సిల్ వాళ్లిచ్చిన క్యాలెండర్ మా ఫ్రిజ్ మీదే ఉంది. పోయినేడాదిది. ఒకసారి నాకు తోచిన డబ్బా తోసుకొచ్చి పెడితే, తెల్లారేసరికి నన్ను చూసి వీధి పొడవునా అదే రంగు డబ్బాలు బారులు తీరి ఉన్నాయి. ఆ వారం అది తప్పు రంగు. మా పేట స్కోఫీల్డ్స్‌లో నాకున్న పరపతి మొత్తం అదే.

ఆ పరపతిని నమ్ముకునే ఎదురింటి అంకుల్ నా దగ్గరికొచ్చారు. రిటైరయ్యాక కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్న ఆయన గ్యారేజ్‌లో పూజామందిరాలు చేస్తారు. మందిరాలు అని బహువచనం వాడాను గానీ, అప్పటికి పూర్తయింది ఒక్కటే. నిలువెత్తు టేకు మందిరం, పైన గోపురం, కింద చెక్కిన గడప. అది డార్విన్‌లో ఒక నర్సమ్మాయి ఇంటికి వెళ్లిపోయింది. రెండోది సగంలో ఉంది.

గ్యారేజ్ ఆయనది కాదు, కారుది అని ఆంటీ వాదన. కిందటిసారి పడిన వడగళ్లకు బయట నిలబెట్టిన కారు పైకప్పు గుంటపొంగనాల పెనంలా తయారైంది. దీపావళిలోగా ఒక్క ఆర్డరైనా రాకపోతే చెక్కా రంపం సర్దేయాలని ఆవిడ తీర్పు చెప్పేశారు.

అంకుల్‌కి మిగిలిన ఆశ మా తెలుగు సంఘం. దీపావళి వేదికకి ఆయన ఊరికే ద్వారం చేసిచ్చినందుకు బదులుగా మూడు ప్రకటనలు ఇస్తామన్నారు. పండక్కి అచ్చేసే సావనీర్ పుస్తకంలో ఒక పేజీ, వెబ్‌సైటు నెత్తిన ఒక బ్యానర్, ఫోన్లలో నిలువుగా కనిపించి ఒక్కరోజులో మాయమయ్యే స్టోరీ ఒకటి. బొమ్మలు శుక్రవారంలోగా పంపాలి.

“మీరు కంప్యూటర్లలోనే కదా బాబూ,” అన్నారు అంకుల్.

నేను బ్యాంకులో డేటాబేసులు చూస్తాను. బొమ్మతో నాకు పని పడ్డ రోజు లేదు. ఆ మాట చెప్పాల్సింది. “చూద్దాం అంకుల్,” అన్నాను.

సంఘం వాళ్ల ఈమెయిల్ మూడే వరుసలు. పేజీ ఏ-ఫోర్, అంగుళానికి 300 చుక్కలు. బ్యానర్ 1920 వెడల్పు, 600 ఎత్తు. స్టోరీ 1080 వెడల్పు, 1920 ఎత్తు. చదివి, అర్థమైనవాడిలా తలూపాను. గదిలో ఎవరూ లేరు.

అంకుల్ దగ్గరున్న ఫొటో ఒక్కటే, అదీ వాట్సాప్‌లో అటూ ఇటూ తిరిగొచ్చింది. వెడల్పు 1200 చుక్కలు. అంగుళానికి మూడొందల చొప్పున నాలుగు అంగుళాలకు సరిపోతుంది. పేజీ ఎనిమిదికి పైనే. సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఒక గడిలో 72 అని ఉంది. అది చెరిపి 300 అని కొట్టి సేవ్ చేశాను. సాఫ్ట్‌వేర్ ఏమీ అనలేదు. ఆఫీసులో కూడా ఎవరూ ఏమీ అనకపోతే పని అయిందనే అనుకుంటాను. పంపేశాను.

మర్నాడు సావనీర్ అచ్చేసే ప్రెస్సాయన ఫోన్ చేశాడు. “మేట్, నంబర్ మారింది. పిక్సెల్స్ అవే.”

నేను అంకుల్‌కి ఇదంతా ఎలా చెప్పాలా అని తడుముకుంటుంటే ఆయనే అందుకున్నారు. “నాలుగడుగుల పలక మీద ఎనిమిదడుగులని సుద్దముక్కతో రాస్తే పొడుగవుద్దా బాబూ?”

“సాగదీసే పద్ధతి కూడా ఉందంకుల్.” సాగదీశాను. మందిరం పెద్దదైంది. చెక్కిన పూలు మాత్రం ఉడికిన సగ్గుబియ్యంలా అయ్యాయి.

డార్విన్‌కి ఫోన్ చేశాం. “దానికేముంది అన్నయ్యా, ఇప్పుడే తీసి పంపుతా,” అంది ఆ అమ్మాయి. పంపింది. వాట్సాప్‌లోనే. మళ్లీ 1200.

“ఫొటోగా కాదమ్మా, డాక్యుమెంట్‌గా పంపు.”

“ఫొటోని ఫొటోగా పంపకపోతే ఇంకెలా పంపుతారన్నయ్యా?”

“నాకూ తెలీదు. పంపు.”

ఈసారి 3024 వెడల్పు, 4032 ఎత్తు వచ్చింది. గడప మీద కొట్టిన మేకుల తలలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. ఏ-ఫోర్ కాగితం ఫొటోకన్నా కాస్త సన్నం కాబట్టి పక్కల గోడ కొంచెం పోయింది. కాగితం అంచులు కోసేటప్పుడు తేడా రాకుండా చుట్టూ మూడు మిల్లీమీటర్లు అదనంగా ఉంచమన్నాడు ప్రెస్సాయన. ఉంచాను. పేజీ అయిపోయింది. ఇదేదో నాకు వచ్చేసిందనిపించింది.

స్టోరీలో మందిరం నిలువునా అమిరింది. ఫోన్లో పెట్టి చూస్తే స్టోరీ పైన దానంతటదే వచ్చే సంఘం పేరు సరిగ్గా కలశం మీద, కింద వచ్చే జవాబు రాసే పెట్టె సరిగ్గా గడప మీద కూర్చున్నాయి.

అంకుల్ ముఖం మారిపోయింది. “గోపురం తెగకూడదు. గడప తెగకూడదు. నెత్తి కనపడని మందిరం ఎవరింట్లో పెట్టుకుంటారు బాబూ?”

మందిరాన్ని కాస్త చిన్నది చేసి మధ్యకు దించాను. పైన గోడ, కింద నేల. ఆయన రెండు చేతులూ జోడించారు. నాకో, మందిరానికో తెలియలేదు.

ఇక బ్యానర్. ఎత్తుకి మూడింతల పైన వెడల్పు. ఫొటోలోంచి అంత వెడల్పు పట్టీ కోస్తే దేవుడి నడుము దగ్గర మొదలై మోకాళ్ల దగ్గర ఆగింది. అంకుల్ కళ్లు మూసుకున్నారు. పోనీ అని మొత్తం మందిరాన్ని అందులోకి నొక్కాను. పొట్టిగా, బారుగా తయారైంది.

“టీవీ స్టాండులా ఉంది. ఇలాంటిదైతే నేనే కొందును,” అన్నారు ఆంటీ కాఫీలు ఇస్తూ.

మిగిలిన దారి ఒక్కటే. మందిరాన్ని మొత్తంగా, ఉన్న తీరులోనే చిన్నగా ఒక పక్కన నిలబెట్టి మిగతాదంతా గోడతో నింపాలి. డార్విన్ ఫొటోలో అంత గోడ లేదు. అంకుల్ పలకలూ, పనిబల్లా, సగం చేసిన రెండో మందిరమూ ఒక మూలకి జరిపి గ్యారేజ్ గోడ శుభ్రంగా తుడిచారు. దాన్ని అడ్డంగా ఫొటో తీశాను. కుడి అంచున డార్విన్ ఫొటోలోంచి కత్తిరించి అతికించిన మందిరం, ఎడమ అంచున అంకుల్ పేరు, ఫోన్ నంబరు, మధ్యలో హాయిగా గోడ. నా లాప్‌టాప్‌లో చూస్తే ఎవరో పని తెలిసినవాళ్లు చేసినట్టే ఉంది. గోపురం తెగలేదు. అంకుల్ నా భుజం తట్టారు.

దీపావళికి రెండు వారాల ముందు, ఆదివారం పొద్దున, మూడింట్లో ముందుగా బ్యానర్ పెట్టారు. అంకుల్ వంటింటి బల్ల దగ్గర ఫోన్ పక్కన పెట్టుకుని, ఎవరైనా చేస్తారేమోనని కూర్చున్నారు. మధ్యాహ్నం దాకా మోగలేదు. ఆయన నన్ను పిలిచారు. నేను లాప్‌టాప్ తీసుకెళ్లాను. అందులో అంతా సవ్యంగానే ఉంది.

“జనం లాప్‌టాప్‌లో చూస్తారేంటి బాబూ,” అంటూ ఆంటీ తన ఫోన్లో సంఘం సైటు తెరిచి బల్ల మీద పెట్టారు.

ఫోన్ సన్నగా ఉంటుంది. సైటు వాళ్లు బ్యానర్ ఎత్తు అలాగే ఉంచి, పట్టని వెడల్పుని రెండు వైపులా సమంగా మింగేశారు. ఎవరినీ అనడానికి లేదు. 1920, 600 అన్నారు, ఇచ్చాం. ఫోన్లో మాత్రం అటు పేరూ నంబరూ లేవు, ఇటు మందిరం లేదు. మధ్యలో గోడ ఒక్కటే మిగిలింది.

అంకుల్ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

ఆంటీ ఫోన్ దగ్గరికి లాక్కుని, దూరంగా పట్టుకుని, మళ్లీ దగ్గరికి తెచ్చుకుని చూశారు.

“ఖాళీ చేస్తే గ్యారేజ్ ఎంత బావుందో చూడండి. కారు సుబ్బరంగా పట్టుద్ది.”