నీలధార స్ప్రేయర్‌పై కుసుమకుమారి రివ్యూ

బాళగనూరు దాపున కాలువ వెంట ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల క్యాంపులో కుసుమకుమారి గొంతు ఎరిగినవాళ్లు చాలామంది. ఆమె మొహం మాత్రం ఫోనులో ఎవరూ చూసి ఎరగరు. ఆమె వీడియోల్లో రెండు చేతులు కనిపిస్తాయి, మాట వినిపిస్తుంది, అంతే. సింధనూరులో ఒకసారి విత్తనాల కొట్లో ధర అడిగితే, పక్కనున్న రైతు గిరుక్కున తిరిగి "నువ్వు కాలువ పొలం అమ్మాయివి కదూ?" అన్నాడు. ఆమె కాదని చెప్పి, కొనకుండానే బయటికి వచ్చేసింది.

పదో తరగతిలో ఉండగా తల్లి మంచాన పడితే చదువు ఆగింది. తల్లి పోయాక మళ్లీ బడికి పంపాలన్న ఆలోచన ఇంట్లో ఎవరికీ రాలేదు. తండ్రి హనుమయ్య పొలానికి వెళ్తే, వంట చేసి, గేదెను చూసి, మిగిలిన వేళల్లో వాకిట్లో కూర్చుని వచ్చేపోయేవాళ్లను గమనించడమే ఆమె పని. ఎవరి కొడవలి ఎందుకు త్వరగా మొద్దుబారుతుందో, ఎవరి మోటారు ఎందుకు కాలిపోతుందో చూసేది. నోరు విప్పి చెప్పే ధైర్యం లేక ఫోనుకు చెప్పడం మొదలుపెట్టింది. ఆ వీడియోలకే "కాలువ పొలం" అని పేరు పెట్టుకుంది.

మొదటిసారి ఒక కంపెనీ ఆమెకు తలకు కట్టుకునే లైటు ఉచితంగా పంపింది. ఉచితంగా వచ్చిందన్న మాట దాచడం ఇష్టం లేక, "నాకు బహుమతిగా వచ్చిన వస్తువు గురించి ఉన్న మాట" అని వీడియోకు పేరు పెట్టింది. పట్టుమని పదిమంది కూడా చూడలేదు. జనం ఉన్నమాట కోసం వెతకరు, వస్తువు పేరు కొట్టి వెతుకుతారని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత ఒక పద్ధతి పెట్టుకుంది. శీర్షిక మొదట్లోనే వస్తువు పేరు, మోడలు, రివ్యూ అన్న మాట ఉండాలి. ఫోనులో శీర్షిక సగమే కనిపిస్తుంది కాబట్టి ఆ సగంలోనే అవి పట్టాలి. గిఫ్టు సంగతి వీడియోలో మొట్టమొదటి మాటగా చెప్పాలి, తెరమీద మూలన అక్షరాల్లో చివరిదాకా ఉండాలి, కింద వివరంలో మొదటి వాక్యంగా రాయాలి, అప్‌లోడు చేసేటప్పుడు ప్రమోషన్ ఉందని అడిగే గడిలో టిక్కు పెట్టాలి. డబ్బు తీసుకోకపోయినా వస్తువు ఊరికే వచ్చిందంటే ఆ గడి తనకూ వర్తిస్తుందని ఆమె చదివి తెలుసుకుంది.

ఈ ఖరీఫులో నీలధార అనే కొత్త కంపెనీ పదహారు లీటర్ల బ్యాటరీ స్ప్రేయరు వచ్చింది. పంపింది రాయచూరు బజారులో వ్యవసాయ సామాన్ల కొట్టున్న వాసుదేవ్ సేటు. జిల్లా అంతటికీ ఆయనే డీలరు. పెట్టె చేరిన పూటే ఫోను చేశాడు.

"బిడ్డా, వీడియో మస్తుగ చెయ్. గని గిఫ్టని మొదలే చెప్తె ఎవడు నమ్ముతడు? ఆఖర్ల ఒక మాట అను, సాలు."

"మొదట్లోనే చెప్తానండి. లేకపోతే పెట్టె అలాగే పంపించేస్తాను."

"అరె, ఏం పిల్లవమ్మా! సరె, నీ ఇష్టం. పేరు మాత్రం శీర్షికల సక్కగ కనపడాలె."

"అది కనపడుతుందండి."

పెట్టె వాకిట్లోనే విప్పింది. సీలు చింపడం దగ్గర్నుంచి రికార్డు చేసింది. ట్యాంకు, బ్యాటరీ, ఛార్జరు, గొట్టం, నాలుగు రకాల నాజిళ్లు, భుజాల పట్టీలు, ఒక చిన్న పొట్లంలో విడి వాషర్లు. ఒక్కొక్కటే చాపమీద పెట్టి చూపించింది. హనుమయ్య వచ్చి ట్యాంకుకు పసుపు రాసి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు.

"నాన్నా, మందు పోసి కొట్టి చూపిద్దామా?"

"బొట్టు పెట్టిన రోజునే విషం పోస్తారేంటే? నీళ్లు పొయ్యి. కొత్త వస్తువుకి మొదటిరోజు నీళ్లే."

ఆ క్యాంపులో అందరి ఇళ్లలోనూ అదే ఆచారం. ఆమె నీళ్లే పోసింది. నిండు ట్యాంకు భుజాన వేసుకుని పెరడంతా తిరిగింది, వంగింది, పక్కకు వాలింది. చుక్క కారలేదు. జల్లు సమంగా పడింది, బ్యాటరీ కూడా కంపెనీ చెప్పినంతసేపూ వచ్చింది. పట్టీలు సన్నగా ఉండి భుజాలు కోస్తున్నాయన్నది, మిగతాదంతా బాగుందన్నది. గిఫ్టన్న మాట మొదటే చెప్పింది, నీళ్లతోనే చూశానని కూడా చెప్పింది. "నీలధార 16 లీటర్ల బ్యాటరీ స్ప్రేయర్ రివ్యూ, అన్‌బాక్సింగ్" అని పేరు పెట్టింది. పేరు కొడితే చాలు, ఆమె వీడియోయే ముందు వచ్చేది. వాసుదేవ్ కొట్లో ఆ స్ప్రేయర్లు వరసగా అమ్ముడుపోయాయి.

వరికి పురుగు పడ్డాక, వాళ్ల పొలంలో మందు కొట్టడానికి కేశవులు వచ్చాడు. క్యాంపులో అందరి పొలాల్లోనూ మందు కొట్టేది అతనే. కొత్త స్ప్రేయరు భుజానికెత్తుకుంటూ నవ్వాడు.

"పాపా, నన్ను కూడా తీయవే నీ ఫోన్లో. మా మంజమ్మ చూసుకుని మురిసిపోద్ది."

"మొహం తియ్యను బాబాయ్. వీపు తీస్తాను."

"ఛీ, వీపేంటే! వీపు చూసి గుర్తుపట్టేది మా ఆవిడొక్కతే."

నీళ్లలో పోస్తే పాలలా తెల్లగా మారే మందు అది. ఆ పూటంతా కొట్టి, మర్నాడు మిగిలిన మళ్లకూ కొట్టాడు. ఎండ మండిపోతోంది. చొక్కా వెనక తడిసి ఒంటికి అంటుకుపోయింది. గట్టుమీద మజ్జిగ ఇవ్వబోతూ కుసుమ అడిగింది.

"వీపంతా తడిసిందేంటి బాబాయ్?"

"ఈ ఎండకి తడవదా? చెమట."

ఆ మాట అంటూనే మజ్జిగ వద్దన్నాడు. నోట్లో నీళ్లూరుతున్నాయన్నాడు. కళ్లు మసకబారాయని గట్టుమీద కూలబడి వాంతి చేసుకున్నాడు. హనుమయ్య అతన్ని బండిమీద మధ్యలో కూర్చోబెట్టుకుని, వెనక మరొకర్ని పట్టుకోమని, సింధనూరు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కణ్ణించి రాయచూరు పంపారు. మందు చర్మంలోంచి ఒంట్లోకి దిగిందని డాక్టరు చెప్పాడు. ప్రాణం దక్కింది. ఇంటికొచ్చాక కొన్ని వారాలకు కాళ్లు మాట వినడం మానేశాయి. నిలబడితే పాదాలు నేలమీద వేలాడినట్టు ఈడ్చుకుపోయేవి.

అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజే, స్ప్రేయరు గట్టుమీద పడి ఉంటే కుసుమ చేతులకు తొడుగు వేసుకుని మూత విప్పింది. లోపలి రబ్బరు వాషరు ఉబ్బి, మెత్తబడి, గాడిలోంచి ఒకవైపు బయటికి తోసుకొచ్చి ఉంది. వంగిన ప్రతిసారీ అక్కణ్ణించే మందు వీపుమీదికి దిగింది. ఆమె పొట్లంలోని కొత్త వాషర్లు రెండు తీసి, ఒకటి నీళ్లలో, ఒకటి అదే మందు కలిపిన నీళ్లలో వేసి పక్కపక్కన ఉంచింది. నీళ్లలోది ఎలా ఉన్నది అలాగే ఉంది. మందులోది మర్నాటికి గాడిలో పట్టలేదు. రెండూ అరచేతిలో పెట్టుకుని రికార్డు చేసింది. "ఈ స్ప్రేయరు నాకు గిఫ్టుగా వచ్చింది. బాగుందని చెప్పాను. నీళ్లతో చూసి చెప్పాను. మందు పోస్తే మూత కారుతోంది" అని మొదలుపెట్టింది. శీర్షికలో ముందుగా స్ప్రేయరు పేరు, ఆ వెనకే మూత కారుతోందన్న మాట. పాత వీడియోను తీసేయలేదు. తీసేస్తే పేరు కొట్టినవాళ్లకు కంపెనీ ప్రకటనే మిగులుతుంది. దాని చివర పొగిడిన ముక్క కత్తిరించి, కింద కామెంట్లలో అన్నిటికన్నా పైన కొత్త వీడియో లింకు పెట్టింది.

"గిఫ్టు తీసుకున్నప్పుడు తీపి, ఇప్పుడు చేదా అక్కా?" అని ఒకడు రాశాడు. 

కేశవులు కాళ్ల సంగతి విన్నాక వాసుదేవ్ కారులో వచ్చాడు. వాకిట్లో కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"ఏంది బిడ్డా గిట్ల చేస్తివి? కంపెనీకి నేనేం జవాబు చెప్పాలె?"

"వాషర్లు మార్చి ఇమ్మనండి. అమ్మినవన్నీ వెనక్కి తెప్పించుకోండి."

"చెప్పిన. చూస్తమన్నరు. నువ్వు తెల్వనిదానివి, యాపారం ఒక్క పూటల కాదు." ఆయన గొంతు తగ్గించాడు. "నేనేం రాక్షసుణ్ని కాను. కేశవులు దవాఖాన, మందులు, కాళ్లకు కసరతు, అంతా నేను చూస్త. వీడియో తియ్యకు. లోపల ఏమన్న చెప్పుకో. పేరు ఒక్కటి శీర్షికల వద్దు. ‘నాకొచ్చిన గిఫ్టుతో నా అనుభవం’ అని పెట్టు. అబద్ధం గాదు గద?"

అబద్ధం కాదు. లైటు వీడియోకు తను పెట్టుకున్నటువంటి పేరే అది. దాన్ని ఎవరూ చూడరన్నది ఆయనకూ తెలుసు.

ఆమె ఒప్పుకోలేదు. ఆ సాయంత్రమే మంజమ్మ వచ్చి గడప దగ్గర కూర్చుంది. ముందే వాసుదేవ్ వాళ్లింటికి వెళ్లొచ్చాడు.

"పేరేదో మార్చమన్నాడంటగా అమ్మా. మారిస్తే నీకేం పోద్ది? మా ఆయన్ని దొడ్డికి కూడా నేనే ఎత్తుకెళ్తున్నాను."

"వేరేవాళ్లు కొంటారు పిన్నీ."

"వేరేవాళ్ల మొహాలు నాకు తెలీదు. మా ఆయన మొహం తెలుసు." మంజమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మీ పొలంలోనే కదే పడిపోయింది."

కుసుమ ఆమె ఎదుటే ఫోను తీసి రెండు వీడియోల పేర్లూ మార్చింది. గిఫ్టన్న మాట ముందుకు వచ్చింది, నీలధార పేరు పోయింది. కింద వివరంలోంచి కూడా తీసేసింది. మూడోనాడు కేశవుల్ని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి వాసుదేవ్ కారు వచ్చింది.

తర్వాత ఆమె రోజూ కొనేవాడిలా పేరు కొట్టి వెతికేది. మొదటి రోజు తన వీడియో కిందెక్కడో కనిపించింది. తర్వాత అదీ లేదు. కంపెనీ ప్రకటన, దాని కింద ఎవరో కుర్రాడు నవ్వుతూ పెట్టె విప్పుతున్న వీడియో. అతను ఏదీ గిఫ్టని చెప్పలేదు.

జాలహళ్లి నుంచి ఒకాయన ఫోను చేశాడు. ఎవరో పాత లింకు పంపితే వీడియో కింద నంబరు దొరికిందట.

"అమ్మా, మా తమ్ముడికి వారం కింద ఆ మిషనే కొంటిమి. కొనేముందు నేనే శానా వెతికిన. నీ వీడియో దొరకలే. ఇయ్యాల లింకు వచ్చింది."

"మందు కొట్టారా అండీ? మూత విప్పి వాషరు నొక్కి చూడండి. కొట్టి ఉంటే వెంటనే చొక్కా తీసేసి సబ్బుతో..."

"మొన్ననే కొట్టిండమ్మా," అన్నాడాయన. "రాయచూరు దవాఖానల ఉన్నం."

ఆమె ఫోను పెట్టేసి ఆ వీడియో తెరిచింది. హనుమయ్య వచ్చి ఏంటని అడిగితే చెప్పింది. ఆయన తువ్వాలు భుజం మార్చుకున్నాడు.

"పేరు మళ్లీ పెట్టేస్తే ఆ సేటు కేశవుల్ని వదిలేస్తాడమ్మా."

"వదిలేస్తాడు నాన్నా."

"మరి?"

ఆమె పేరు పెట్టేసింది. నీలధార 16 లీటర్ల బ్యాటరీ స్ప్రేయర్ రివ్యూ, మందు పోస్తే మూత కారుతోంది. గిఫ్టన్న మాట ఉండాల్సిన చోటల్లా ఉంచింది. పొద్దుటికి పేరు కొడితే మళ్లీ కనిపించింది, పైన కాదు, నాలుగో వరసలో.

కారు రావడం ఆగిపోయింది. హనుమయ్య తన బండిమీద కేశవుల్ని సింధనూరు దాకా తిప్పాడు, కోతలు మొదలయ్యేదాకా. తర్వాత కుదరలేదు. మంజమ్మ కలుపు కూలికి పోవడం మొదలుపెట్టింది. కుసుమ ఒకనాడు అన్నం, కూర పట్టుకుని వాళ్లింటికి వెళ్లింది. గుమ్మంలోనే మంజమ్మ ఎదురైంది.

"నువ్వు చేసింది తప్పని అనట్లేదు," అంది మంజమ్మ. "మా గడప మాత్రం తొక్కకు."

లోపల్నుంచి కేశవులు ఎవరని అడుగుతున్నాడు. మంజమ్మ ఎవరూ కాదని చెప్పి తలుపు చేరేసింది. కుసుమ గిన్నె పట్టుకుని ఇంటికి నడిచింది. దారిలో ఫోను మోగింది. మల్లట్ నుంచి ఎవరో, స్ప్రేయరు కొందామనుకుంటున్నాడట. ఆమె గిన్నె గట్టుమీద దించి, వాషరు ఎలా చూడాలో మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది.